పాడ్‌కాస్ట్ పేరు ఎంత పొడవుండాలి?

అమెరికాలో రమిత్ సేఠి అనే రచయిత ఉన్నాడు. డబ్బు సంగతులు చెప్పడం ఆయన వృత్తి. 2009లో వచ్చిన ఆయన పుస్తకం పేరు ‘ఐ విల్ టీచ్ యూ టు బి రిచ్’. పుస్తకానికి పేరొచ్చింది కాబట్టి తర్వాత పెట్టిన పాడ్‌కాస్ట్‌కీ అదే పేరు ఉంచాడు. అందులో భార్యాభర్తల్ని కూర్చోబెట్టి వాళ్ల జీతాలు, అప్పులు, డబ్బు దగ్గర వచ్చే తగాదాలు ఒక్కొక్కటీ బయటికి తీయిస్తాడు. కొన్నేళ్లు నడిచాక పేరు మార్చాడు. ఇప్పుడు అది Money For Couples With Ramit Sethi.

పాత పేరును ఖాళీలతో సహా లెక్కపెడితే 27 అక్షరాలు. కొత్తది 34. పాడ్‌కాస్ట్ పెడదామనుకునేవాళ్లు ఎక్కడ విన్నా ఒకటే సలహా వింటారు: పేరు పొట్టిగా ఉండాలి, అప్పుడే జనానికి దొరుకుతుంది. మరి ఈయన ఉన్న పేరును ఇంకా పొడుగు చేశాడేమిటి? అదే పేరుతో కొత్త పుస్తకం రావడం ఒక కారణం అనుకోండి. దాన్ని పక్కన పెట్టి ఫోన్ తెర మీద ఆ రెండు పేర్లూ ఎలా కనిపిస్తాయో చూద్దాం. జాబితాలో చోటు చాలక పదిహేడు అక్షరాల దగ్గర తెగిపోయాయనుకోండి. పాత పేరు I Will Teach You… అని ఆగిపోతుంది. ఏం నేర్పుతాడో తెలియదు. వంటో, వీణో, గుర్రపు స్వారీయో కావచ్చు. కొత్త పేరు Money For Couples దగ్గర ఆగుతుంది. విషయమేమిటో, ఎవరి కోసమో రెండూ తెలిసిపోయాయి. తెగిపోయింది ఆయన పేరు మాత్రమే, అది పక్కన బొమ్మ మీద ఎలాగూ ఉంటుంది.

పేరు పొడవు గురించి తెలుసుకోవలసిన విషయంలో సగం ఇక్కడే ఉంది. పొడుగు పేరు పెట్టినందుకు ఏ యాప్ మార్కులు తీసేయదు. తెగిపోయే భాగంలో ఏం పెట్టామన్నదే లెక్క. ఆర్టీసీ బస్సు ముందు బోర్డు మీద ఊరి పేరు పెద్దగా, ‘వయా’ ఊళ్లు చిన్నగా రాస్తారు. దూరం నుంచి చూసేవాడికి కావలసింది మొదటిదే.

ఇక రెండో సగం వెతుకులాటకు సంబంధించినది. అది కొంచెం విడమరచి చెప్పాలి.

పాడ్‌కాస్ట్ అంటే చివరికి ఇంటర్నెట్‌లో ఒక చోట దాచిన ఆడియో ఫైళ్లు, వాటి వివరాలు రాసిన ఒక చిన్న ఫైలు. ఆ వివరాల ఫైలును ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్ అంటారు. యాపిల్, స్పాటిఫై లాంటి యాప్‌లు ఆ ఫీడ్‌ను చదువుకుని మన కార్యక్రమాన్ని తమ జాబితాలో చూపిస్తాయి. మనం పెట్టే పేరు అందులో ఒక వరుసలో కూర్చుంటుంది. మనిషి శోధన పెట్టెలో ఏదో టైప్ చేయగానే యాప్ ఆ మాటల్ని ఇలాంటి వరుసలతో పోల్చుకుంటుంది. యాపిల్ ముఖ్యంగా చూసేది కార్యక్రమం పేరు, చేసేవారి పేరు, ఎపిసోడ్ల పేర్లు. వాటితో పాటు ఆ కార్యక్రమాన్ని ఎంతమంది వింటున్నారు, ఫలితాల్లో కనిపించినప్పుడు ఎంతమంది దాన్ని నొక్కుతున్నారు అన్నదీ లెక్కలోకి వస్తుంది. వివరణ అని కింద రాసే పేరాకు నాలుగు వేల అక్షరాల దాకా చోటిస్తారు గానీ, వెతుకులాటలో దాని మీద భరోసా పెట్టుకోకూడదు. అది, వచ్చి చూసినవాణ్ని వినేలా చేయడానికి పనికొస్తుంది.

ఈ సంగతి తెలిసినవాడికి వెంటనే ఒక ఆశ పుడుతుంది. పేరులోనే అన్ని మాటలూ కుక్కేస్తే పోలా? జీతం, పొదుపు, పన్ను, మ్యూచువల్ ఫండ్స్, ఎస్‌ఐపీ, ఇన్సూరెన్స్, హోమ్‌లోన్ అని కామాలు పెట్టి రాసేస్తే ఎవరేం వెతికినా మనమే దొరుకుతాం కదా! ఒకప్పుడు చాలామంది ఇదే చేశారు. పేరు పక్కన గీత, గీత పక్కన పది మాటలు. చేసేవారి పేరు రాయాల్సిన చోట కూడా మాటల మూటలే. ఇప్పుడు యాపిల్ తన నియమాల్లోనే దీన్ని వద్దంటోంది. ఇలా కుక్కిన కార్యక్రమాన్ని జాబితాలోకి తీసుకోకపోవచ్చు, ఉన్నదాన్ని తీసేయనూవచ్చు. నియమం మాట అటుంచినా, జీతం రాగానే ఏం చేయాలో చెప్పేవాడి పేరే మందుల షాపు బిల్లులా ఉంటే ఎవరు నమ్ముతారు?

అలాగని మరీ పొట్టి పేరు పెడితే ఇంకో చిక్కు. ‘డబ్బు’ అని పేరు పెట్టారనుకోండి. గుర్తుంటుంది, బొమ్మ మీద ఎంత పెద్దగానైనా రాసుకోవచ్చు, ఎక్కడా తెగదు. కానీ ఆ మాట టైప్ చేసినవాడికి సినిమా పాటలు, ప్రవచనాలు, కామెడీ బిట్లు వస్తాయి. యాప్‌కి మీరెవరో ఇంకా తెలియదు, వినేవాళ్లు లేరు, కాబట్టి ఆ గుంపులో మీది ఎక్కడో అడుగున ఉంటుంది. అందరూ వాడే ఒక్క మాట ఎంత పొట్టిదైతే అంత పోటీ.

పొట్టి పేర్లతో గెలిచినవాళ్లు లేరా అంటే ఉన్నారు. అమెరికా పబ్లిక్ రేడియో ఎన్‌పీఆర్ 2008లో మొదలుపెట్టిన ‘ప్లానెట్ మనీ’ పేరులో ఇంగ్లిష్ అక్షరాలు ఖాళీతో కలిపి 12. మన దేశంలో అనుపమ్ గుప్తా నడిపిన ‘పైసా వైసా’లో 11. రెండింటిలోనూ కిటుకు ఒకటే. ఒక మాట అందరికీ తెలిసినది, రెండోది దాని పక్కన ఎవరూ ఊహించనిది. మనం ‘డబ్బూ గిబ్బూ’ అన్నట్టుంది పైసా వైసా. నోట్లో ఇట్టే తిరుగుతుంది, విషయం చెప్పేస్తుంది, ఆ రెండు మాటలూ పక్కపక్కన ఇంకెక్కడా పెద్దగా కనపడవు. అయితే ప్లానెట్ మనీ వెనక దేశమంతా వినే రేడియో ఉందని మరచిపోకూడదు. రేడియోలో విన్నవాడు పేరు తెలిసే వెతుకుతాడు. మన వెనక రేడియో లేదు.

మనిషి పేరు పెట్టుకోవడమూ అంతే. డేవ్ రామ్సీ 1992లో నాష్‌విల్ రేడియోలో మొదలుపెట్టినప్పుడు కార్యక్రమం పేరు ‘ది మనీ గేమ్’. ఆయన పేరు ఇంటింటికీ తెలిశాక ‘ది డేవ్ రామ్సీ షో’ అయింది. మిగతా వ్యాఖ్యాతలు చేరాక ‘ది రామ్సీ షో’గా కుదించారు. ముందు విషయం, తర్వాత మనిషి. మొదటి రోజే మన ఇంటిపేరుతో షో పెడితే వెతికేది మన చుట్టాలే.

సరే, ఇప్పుడు తెలుగుకు వద్దాం. హైదరాబాద్‌లోనో విశాఖలోనో కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ల కోసం తెలుగులో డబ్బు సంగతులు చెప్పే పాడ్‌కాస్ట్ పెడుతున్నాం అనుకుందాం. ఎవరైనా మొదట కాగితం మీద రాసుకునే పేరు దాదాపు ఇలా ఉంటుంది: ‘యువ ఉద్యోగుల కోసం పర్సనల్ ఫైనాన్స్ తెలుగు పాడ్‌కాస్ట్’. తప్పేం లేదు, అన్నీ ఉన్నాయి. కానీ కంప్యూటర్ దీన్ని ఎన్ని అక్షరాలుగా లెక్కపెడుతుందో తెలుసా? 53.

మనం లెక్కపెడితే అంత రాదు. ఎందుకంటే మన లెక్క వేరు, యూనికోడ్ లెక్క వేరు. ‘జీతం’ మనకు రెండక్షరాలు. కంప్యూటర్‌కి జ, దాని గుడి దీర్ఘం, త, సున్న కలిసి నాలుగు గుర్తులు. ‘డబ్బు’ కూడా మనకు రెండే, దానికి ఐదు: డ, బ, పొల్లు, మళ్లీ బ, కొమ్ము. ఒత్తులూ గుణింతాలూ ఎక్కువున్న పేరు ఈ లెక్కలో ఊరికే పెరిగిపోతుంది. యూట్యూబ్ వీడియో పేరుకు వంద గుర్తుల హద్దు ఉంది. ఇంగ్లిష్‌లో రాసేవాడికి అది పదిహేను పదహారు మాటలు, మనకు పన్నెండు మాటలైతే గొప్ప. పైగా తెర మీద పేరు తెగేది గుర్తుల లెక్కన కాదు, వెడల్పు లెక్కన. ఫోన్, యాప్, పెట్టుకున్న అక్షరాల సైజు బట్టి అది మారుతుంది. కాబట్టి ఎక్కడ తెగుతుందో ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. సుమారు 25 గుర్తుల దగ్గర అనుకుని చూసుకుంటే పని జరుగుతుంది.

మన 53 గుర్తుల పేరు అక్కడ తెగితే మిగిలేది: ‘యువ ఉద్యోగుల కోసం పర్సనల్…’ అసలు విషయమైన ఫైనాన్స్ ఎగిరిపోయి పర్సనల్ మిగిలింది. యువ ఉద్యోగుల కోసం పర్సనల్ ఏమిటో చూద్దామని ఎవరైనా నొక్కితే నొక్కొచ్చు గానీ, వాళ్లు వెతికేది మ్యూచువల్ ఫండ్ అయి ఉండదు.

ఆ పేరులో కంటికి కనపడని ఇంకో ఇబ్బంది కూడా ఉంది. ‘పాడ్‌కాస్ట్’ అన్న మాటలో డ్‌కీ కాకీ మధ్య వెడల్పు లేని ఒక గుర్తు దాక్కుని ఉంటుంది. ఆ గుర్తు లేకపోతే క అక్షరం డ కింద ఒత్తుగా మారి ‘పాడ్కాస్ట్’ అవుతుంది. టైప్ చేసేవాళ్లు కొందరు ఆ గుర్తు పెడతారు, కొందరు పెట్టరు. పెట్టామో లేదో కూడా వాళ్లకు తెలియదు. రెండూ ఒకటేనని పోల్చుకునే శోధన వ్యవస్థలున్నాయి, పోల్చుకోలేనివీ ఉన్నాయి. ఎందుకొచ్చిన తంటా? పేరులో అలాంటి మాట లేకుండా చూసుకుంటే సరి. అసలు పాడ్‌కాస్ట్ యాప్‌లో ఉన్న కార్యక్రమానికి పాడ్‌కాస్ట్ అన్న మాట దేనికి?

రెండో ప్రయత్నంలో మనవాళ్లు సామెతల మీద, పలుకుబళ్ల మీద పడతారు. ‘నాలుగు రాళ్లు’ అని ఎవరికైనా తట్టి తీరుతుంది. నాలుగు రాళ్లు వెనకేసుకోవడం మన ఇళ్లలో రోజూ వినే మాటే కదా. గుర్తుల లెక్కలో 13, చెవికి ఇంపు, బొమ్మ వేయడానికీ బాగుంటుంది. నాకూ ఈ పేరు ఇష్టమే. కానీ ‘రాళ్లు’ అని వెతికి చూడండి. కిడ్నీలో రాళ్లు కరగడానికి చిట్కాలు, ఉంగరంలో ఏ రాశికి ఏ రాయి అన్న వీడియోలు వరస కడతాయి. పేరు మొత్తం టైప్ చేస్తే దొరకొచ్చు. కానీ ఒకడు రాళ్లు అనీ ఇంకొకడు రాళ్ళు అనీ రాస్తాడు, మూడోవాడు 4 అని అంకె వేస్తాడు. ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తే naalugu raallu, nalugu rallu, nalugu raallu, ఇంకా ఎన్నో.

తెలుగులో పేరు పెట్టేవాళ్లకు పొడవు కంటే పెద్ద సమస్య ఇదే. మన కుర్రాళ్లు తెలుగులో మాట్లాడతారు, ఫోన్‌లో మాత్రం ఇంగ్లిష్ అక్షరాలతో వెతుకుతారు. యూట్యూబ్ అలాంటి రాతను కొంతవరకు పోల్చుకుంటుంది. పాడ్‌కాస్ట్ యాప్‌ల దగ్గర అంత నమ్మకం పెట్టుకోలేం. పేరు తెలుగు లిపిలోనే ఉంటే ఇంగ్లిష్ అక్షరాలతో వెతికేవాడికి దొరకదు. ఇంగ్లిష్ లిపిలోనే ఉంటే, అది తెలుగు కార్యక్రమమని జాబితా చూసేవాడి కంటికి ఆనదు. అందుకని పేరులో ఉన్న కొద్దిపాటి జాగాను రెండు లిపులూ పంచుకోవాలి. అలా పంచుకోవాలంటే అసలు పేరు రెండు మాటలకు మించకూడదు. పొట్టి పేరు పెట్టమనడానికి తెలుగులో ఉన్న గట్టి కారణం ఇదీ.

ఆ దారిలో మూడో పేరు: ‘జీతం కబుర్లు’. 12 గుర్తులు. విషయం మొదటి మాటలోనే ఉంది. కబుర్లు అన్న మాట తీరిగ్గా చెప్పుకునే ధోరణిని తెలుపుతుంది, ఇదేదో ట్యూషన్ కాదని భరోసా ఇస్తుంది. ఇక దీన్ని పరీక్షకు పెడదాం. పరీక్ష సులువే. బస్సులోనో రోడ్డు మీదో ఉన్న మనిషికి ఫోన్ చేసి, పేరు ఒక్కసారే చెప్పి, వెతకమనాలి. ఎలా రాయాలో చెప్పకూడదు.

“బావా, జీతం కబుర్లు అని కొట్టి చూడు.”

“ఏంటీ, జీవితం కబుర్లా?”

అయిపోయింది. హారన్ల మోతలో జీతానికీ జీవితానికీ తేడా వినపడదు. jeetham అని టైప్ చేసినా jeevitham అనుకుంటున్నారా అన్నట్టు సూచనలు రావచ్చు. ఆపైన jeetham, jeetam, jitam అని రాత కూడా తలో రకం. పేరు పొట్టిదే, అర్థమూ బాగుంది, కానీ నోటి మాటగా ప్రయాణం చేయలేదు.

అప్పుడు పట్టించుకోవలసింది ఆ వయసువాళ్లు ఏమంటున్నారన్నది. ఆఫీసు క్యాంటీన్‌లో ఎవరూ ‘జీతం వచ్చిందా’ అనరు. ‘శాలరీ పడిందా’ అంటారు. భాషాభిమానులకు నచ్చకపోవచ్చు గానీ, శాలరీ అన్న మాటకు ఇంగ్లిష్ అక్షరాల్లో ఒకటే రాత ఉంది: Salary. ఎవడూ తప్పు రాయడు. పైగా విషయం కోసం వెతికేవాడు కూడా టైప్ చేసేది ఆ మాటే. కబుర్లు కూడా ఎవరు రాసినా Kaburlu అనే రాస్తారు. అలా తేలిన పేరు:

శాలరీ కబుర్లు | Salary Kaburlu

తెలుగు భాగం 13 గుర్తులు, ఇంగ్లిష్ భాగం 14, మధ్యలో గీతా ఖాళీలూ కలిపి మొత్తం 30. మొదట రాసుకున్న 53 కంటే బాగా తక్కువే, కానీ అసలు లాభం అది కాదు. 25 దగ్గర తెగితే ‘శాలరీ కబుర్లు | Salary Ka…’ అని మిగులుతుంది. పేరు పూర్తిగా కనిపించాకే తెగింది. తెలుగును ముందు పెట్టడం నా ఓటు. ఇంగ్లిష్ పేర్ల మధ్య తెలుగక్షరం కనపడితే మనవాడి చూపు ఆగుతుంది. వెతుకులాటకు ఏది ముందున్నా ఒకటే.

ఇదే పేరు ఇప్పటికే ఎవరైనా పెట్టి ఉండొచ్చు. ఇక్కడ చెప్పింది పేరు తేల్చుకునే పద్ధతి కోసమే. ఎవరైనా సరే యాపిల్, స్పాటిఫై, యూట్యూబ్ మూడింటిలోనూ తమ పేరును రెండు లిపుల్లోనూ వెతికి చూసుకోవాలి. గూగుల్ తన పాడ్‌కాస్ట్ యాప్‌ను 2024లో మూసేసి వినేవాళ్లను యూట్యూబ్ మ్యూజిక్‌కు పంపింది కాబట్టి యూట్యూబ్‌ను వదిలిపెట్టడానికి లేదు. తర్వాత కేంద్ర ప్రభుత్వ ట్రేడ్ మార్కుల వెబ్‌సైట్‌లో ఉచితంగా వెతకవచ్చు. విద్య, వినోదం 41వ తరగతిలో, ఆర్థిక సేవలు 36లో ఉంటాయి. రెండూ చూడాలి. ఏదో ఫైనాన్స్ కంపెనీ అదే పేరు నమోదు చేసుకుని ఉంటే, మనది మాటల కార్యక్రమమే అని వాదించుకుంటూ తిరగడం ఎవరికి కావాలి?

డబ్బు కార్యక్రమానికి మాత్రమే ఉన్న జాగ్రత్త ఇంకొకటి. పేరులో ‘అడ్వైజర్’ అన్న మాట పెట్టకండి. పెట్టుబడి సలహాదారుగా పనిచేయాలన్నా, అలా చెప్పుకోవాలన్నా సెబీ 2013 నిబంధనల ప్రకారం నమోదు కావాలి. నమోదు లేనివాడు కబుర్లు చెప్పుకోవచ్చు, అడ్వైజర్‌నని బోర్డు కట్టుకోకూడదు. ‘గ్యారంటీ’, ‘రెట్టింపు’ లాంటి మాటలూ అంతే. చట్టం సంగతి తర్వాత, అవి వినగానే తెలివైన కుర్రాడు పారిపోతాడు.

మరి ‘యువ ఉద్యోగుల కోసం’, ‘పొదుపు’, ‘పన్ను’ అన్న మాటలన్నీ ఏమైనట్టు? పేరులోంచి తీసేశాం, వాటి కోసం వెతికేవాళ్లు మనకు దొరకరా? దొరుకుతారు, కార్యక్రమం పేరు ద్వారా కాదు, ఎపిసోడ్ల పేర్ల ద్వారా. మామూలు మనిషి ‘మంచి పర్సనల్ ఫైనాన్స్ పాడ్‌కాస్ట్’ అని వెతకడం తక్కువ. మొదటి నెల పే స్లిప్ చూసి, చెప్పిన దానికంటే డబ్బు తక్కువ పడిందేమిటని కంగారుపడి ‘పీఎఫ్ ఎందుకు కట్ అవుతుంది’ అని వెతుకుతాడు. అక్కడ దొరకాలి మనం.

ఆ ఎపిసోడ్‌కు చాలామంది పెట్టే పేరు ఇలా ఉంటుంది: ‘ఎపిసోడ్ 14: శాలరీ కబుర్లు – ఈ రోజు పీఎఫ్ గురించి మాట్లాడుకుందాం’. మొదట అంకె, తర్వాత మళ్లీ కార్యక్రమం పేరు, అసలు మాట వచ్చేసరికి తెర అయిపోయింది. ఎపిసోడ్ సంఖ్యకు ఫీడ్‌లో వేరే చోటుంది, దాన్ని పేరులో రాయవద్దని యాపిల్ కూడా చెబుతుంది. దీన్నే ‘పీఎఫ్ కటింగ్: 12 శాతం ఎక్కడికి పోతోంది?’ అని పెడితే మొదటి మాటే వెతికే మాట. ఆ తర్వాతి ప్రశ్న వాడి మనసులో ఉన్నదే. లోపల చెప్పడానికి సరుకూ ఉంది: మూలవేతనం, కరువు భత్యం మీద ఉద్యోగి కట్టేది 12 శాతం, యాజమాన్యం ఇంకో 12 శాతం కడుతుంది, అందులో 8.33 శాతం పరిమితికి లోబడి పింఛను ఖాతాకు వెళ్తుంది. సాధారణంగా జూన్ 15 లోపు ఫారం 16 చేతికి వస్తుంది కాబట్టి దాని మీద చేసే ఎపిసోడ్‌ను జూన్ మొదట్లోనే సిద్ధంగా ఉంచుకోవాలి. ఆగస్టులో పెడితే వెతికేవాడు ఉండడు.

స్పాటిఫై 2022 నుంచి మాటకు మాట పోల్చడమే కాక, ప్రశ్న అర్థాన్ని పట్టుకుని ఎపిసోడ్లు చూపించే పద్ధతి కూడా తెచ్చింది. అది ఇంగ్లిష్‌తో మొదలైంది. కాబట్టి తెలుగులో ఇప్పటికి మాటనే నమ్ముకోవడం మంచిది.

శ్రోతలు డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తెలుగువాళ్లయితే లెక్క మారుతుంది. వాళ్లకు పీఎఫ్ కటింగ్‌తో పనిలేదు, 401(k) కావాలి. ఎపిసోడ్ పేరు మొదట్లోనే అది కనపడాలి. లేకపోతే రెండు దేశాల వాళ్లూ వచ్చి, ఇది మనకు కాదని వెళ్లిపోతారు.

ఇక ఫీడ్‌లో ఇదంతా ఎలా కూర్చుంటుందో చూపిస్తాను. మనం ఆడియో దాచుకునే హోస్టింగ్ సంస్థే దీన్ని తయారు చేస్తుంది, మనం ఫారంలో నింపితే చాలు. కానీ లోపల ఏముందో ఒకసారి చూసి ఉండటం మంచిది.

```xml
<title>శాలరీ కబుర్లు | Salary Kaburlu</title>
<language>te</language>
<itunes:category text="Business">
  <itunes:category text="Investing"/>
</itunes:category>
```

రెండో వరుస గమనించండి. te అంటే తెలుగు. చాలా ఫారాల్లో అక్కడ ముందే ఇంగ్లిష్ ఎంచి ఉంటుంది, ఎవరూ మార్చరు. అప్పుడు యాప్ దృష్టిలో అది ఇంగ్లిష్ కార్యక్రమం. పేరు కోసం వారాల తరబడి తలబద్దలు కొట్టుకున్నవాళ్లు కూడా ఇక్కడ ఒక్క నొక్కు నొక్కడం మరచిపోతుంటారు.

బొమ్మ దగ్గర పొట్టి పేరుకు నిజంగా మేలుంది. యాపిల్‌కి ఇచ్చే బొమ్మ చతురస్రంగా 1400 నుంచి 3000 పిక్సెళ్ల మధ్య ఉండాలి. కంప్యూటర్‌లో గీసేటప్పుడు అది గోడంత కనిపిస్తుంది, ఎంత పొడుగు పేరైనా పట్టేస్తుంది. ఫోన్ జాబితాలో అదే బొమ్మ బొటనవేలి గోరంత అవుతుంది. రెండు మాటలైతే ఒకదాని కింద ఒకటి పెద్దగా రాయొచ్చు. ‘ర్లు’ కింద ఒత్తు కూడా చదవడానికి వస్తుంది. ఆరు మాటలు రాస్తే తెలుగు ఒత్తులన్నీ కలిసిపోయి మరకలా తయారవుతాయి. కాబట్టి బొమ్మ గీయించాక దాన్ని ఫోన్‌కు పంపించుకుని, గోరంత సైజులో చూసి ఆమోదించాలి.

పెట్టిన పేరు పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది? కార్యక్రమం జాబితాల్లోకి ఎక్కిన తర్వాత కొన్ని వారాలు ఆగి, ఇంతవరకు దాన్ని వినని ఫోన్‌లో పేరు పూర్తిగా టైప్ చేయాలి. వినేవాడి ఫోన్‌లో అయితే యాప్ వాడి అలవాటు చూసి మనల్ని పైకి తెస్తుంది, దాంతో మోసపోతాం. పేరు పూర్తిగా కొట్టినా మొదటి తెరలో రాకపోతే పేరులోనే లోపం ఉన్నట్టు. అది వచ్చి, పీఎఫ్ అని వెతికితే రాకపోతే ఎపిసోడ్ పేర్లు సరిచేసుకోవాలి. కార్యక్రమం పేరును ముట్టుకోనక్కర్లేదు. ఈ రెండింటినీ కలిపేసుకుని, వినేవాళ్లు రావడం లేదని నెలకోసారి పేరు మార్చేవాళ్లున్నారు. వినేవాళ్లు రాకపోవడానికి పేరు ఒక కారణం మాత్రమే. కొత్త కార్యక్రమం ‘శాలరీ’ లాంటి మాటకు వెంటనే పైన కనపడదు, ఎంత చక్కని పేరు పెట్టినా.

నిజంగా మార్చవలసి వస్తే భయపడనక్కర్లేదు. పేరు మారినా ఫీడ్ చిరునామా మారదు, కాబట్టి ఇప్పటికే చేరినవాళ్లు ఎక్కడికీ పోరు. హోస్టింగ్ ఫారంలో పేరు మార్చితే యాప్‌లు వాటంతట అవే కొత్త పేరు చదువుకుంటాయి. బొమ్మ మళ్లీ గీయించాలి. మారనిది ఒక్కటే: పాత ఎపిసోడ్లలో ‘స్వాగతం, మీరు వింటున్నది’ అంటూ మీ గొంతుతో చెప్పిన పాత పేరు. అందుకే పేరు మీద ఏ కాస్త అనుమానం ఉన్నా, ఆ పరీక్షలన్నీ ట్రైలర్ రికార్డు చేయకముందే చేసేయండి.